పౌడర్ పీక్‌లను బట్టి క్యూబిక్ లాటిస్ రకాన్ని తేల్చడం ఎలా? పొటాషియం క్లోరైడ్ దగ్గర వచ్చే చిక్కు

ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడగానే హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల నుంచి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలు నన్ను ఒకటే అడుగుతారు. "సార్, పొటాషియం క్లోరైడ్ ఎఫ్‌సీసీ అని పుస్తకంలో ఉంది. నాకు లెక్క వేస్తే సింపుల్ క్యూబిక్ వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?" కొందరైతే టెన్షన్‌లో రీడింగులు కొద్దిగా అటూ ఇటూ మార్చి ఎఫ్‌సీసీ వచ్చినట్టు రాసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మీ రీడింగులు సరైనవే, లెక్క కూడా సరైనదే. లెక్క అయ్యాక చేయాల్సిన ఒక పరీక్ష మాత్రం మిగిలిపోయింది. అందుకే ఈ పద్ధతి మొత్తాన్ని పొటాషియం క్లోరైడ్ మీదే చేసి చూపిస్తాను. ఇది తేలితే ఉప్పు, అల్యూమినియం, ఇనుము వంటివి మీకు కష్టం కావు.

ఏమేం కావాలి

- ల్యాబ్ రీఏజెంట్ గ్రేడ్ పొటాషియం క్లోరైడ్, ఒక గ్రాము చాలు. ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టండి. వానాకాలంలో ఇది తప్పనిసరి.
- అగేట్ మోర్టార్. వేళ్ల మధ్య రాస్తే గరుకు తగలనంత మెత్తగా నూరాలి.
- రాగి ట్యూబ్ ఉన్న పౌడర్ డిఫ్రాక్టోమీటర్‌లో 20 నుంచి 100 డిగ్రీల వరకు తీసిన స్కాన్. మెషిన్ అందుబాటులో లేకపోతే మీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న పాత చార్ట్ అయినా సరే, పీక్ స్థానాలు రెండు దశాంశాల వరకు చదవగలిగితే చాలు.
- కాలిక్యులేటర్ లేదా స్ప్రెడ్‌షీట్.
- పదార్థం సాంద్రత, ఫార్ములా బరువు. వీటిని చాలామంది పక్కన పెడతారు. కానీ చివరికి తీర్పు చెప్పేవి ఇవే.

తెలియాల్సిన సిద్ధాంతం ఇంతే

క్యూబిక్ స్ఫటికానికి బ్రాగ్ నియమం ఇలా మారుతుంది:

```
sin²θ = (λ² / 4a²) × N        N = h² + k² + l²
```

బ్రాకెట్‌లో ఉన్నది ఒక స్థిర సంఖ్య. అంటే పీక్‌ల sin²θ విలువలన్నీ ఒకే సంఖ్యకు పూర్ణాంక రెట్లుగా రావాలి. ఏ పూర్ణాంకాలు వచ్చాయి, ఏవి రాలేదు అన్నదే లాటిస్ రకాన్ని చెబుతుంది. యూనిట్ సెల్ మధ్యలో ఒక పరమాణువు ఉంటే, h + k + l బేసి అయినప్పుడు దాని నుంచి వచ్చే తరంగం మూలల నుంచి వచ్చే తరంగాన్ని సరిగ్గా రద్దు చేస్తుంది. ముఖాల మధ్య పరమాణువులుంటే h, k, l మూడూ సరి లేదా మూడూ బేసి అయినప్పుడే పీక్ మిగులుతుంది. ఇలా ఒక నియమం ప్రకారం మాయమయ్యే పీక్‌లనే సిస్టమాటిక్ ఆబ్సెన్సెస్ అంటారు. వాటి ఫలితం ఈ నాలుగు వరుసలు:

```
సింపుల్ క్యూబిక్ : 1  2  3  4  5  6  8  9  10
బీసీసీ          : 2  4  6  8  10 12 14 16 18
ఎఫ్‌సీసీ         : 3  4  8  11 12 16 19 20 24
డైమండ్          : 3  8  11 16 19 24 27 32 35
```

మొదటి వరుసలో 7 లేకపోవడం గమనించండి. ఏ మూడు పూర్ణాంకాల వర్గాలు కూడినా 7 రాదు. ఇది లాటిస్ వల్ల వచ్చిన లోటు కాదు, అంకగణితం వల్ల వచ్చింది. మనకు అదే ఆధారం అవుతుంది.

1. శాంపిల్‌ను హోల్డర్‌లో నింపడం

పొటాషియం క్లోరైడ్ ముక్కలు చిన్న చిన్న ఘనాలుగా విరుగుతాయి. పౌడర్ పోసి పైనుంచి గాజు స్లైడ్‌తో గట్టిగా నొక్కితే ఆ ఘనాలన్నీ చదునైన ముఖం మీద పడుకుంటాయి. అప్పుడు 28 డిగ్రీల దగ్గర, 58 డిగ్రీల దగ్గర పీక్‌లు విపరీతంగా పెరిగి, 50 డిగ్రీల దగ్గరున్న పీక్ కనిపించకుండా పోవచ్చు. లేని పీక్‌ల ఆధారంగానే తీర్పు చెప్పే పద్ధతిలో ఇది పెద్ద ప్రమాదం. అందుకని హోల్డర్‌ను వెనక వైపు నుంచి నింపండి. ఆ సౌకర్యం లేకపోతే పౌడర్‌ను వదులుగా పోసి బ్లేడ్ అంచుతో పైభాగాన్ని గీసి సమం చేయండి, నొక్కకండి.

పౌడర్ ఉపరితలం హోల్డర్ అంచుతో సమానంగా ఉండాలి. ఎత్తుగా ఉన్నా, లోతుగా ఉన్నా పీక్‌లన్నీ ఒకే వైపుకు జరుగుతాయి.

2. పీక్ స్థానాలు రాసుకోవడం

పెద్ద కోణాల దగ్గర ప్రతి పీక్ రెండుగా చీలినట్టు కనిపిస్తుంది. అవి రెండు పీక్‌లు కావు. రాగి నుంచి కె-ఆల్ఫా 1, కె-ఆల్ఫా 2 అనే రెండు దగ్గరి తరంగదైర్ఘ్యాలు వస్తాయి కాబట్టి అలా కనిపిస్తుంది. 28 డిగ్రీల దగ్గర వీటి మధ్య దూరం 0.07 డిగ్రీ మాత్రమే కనుక కలిసిపోతాయి. 94 డిగ్రీల దగ్గర 0.31 డిగ్రీ ఉంటుంది, కాబట్టి విడిపోతాయి. ఎడమ పక్కన ఉన్న పొడవైనదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేయండి. రెండింటినీ లెక్కపెట్టి "నాకు పది పీక్‌లు వచ్చాయి" అనే వాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

3. sin²θ, తర్వాత నిష్పత్తి

స్ప్రెడ్‌షీట్‌లో A కాలమ్‌లో 2θ వేసి, B, C కాలమ్‌లలో ఇవి పెట్టండి:

```
B2:  =SIN(RADIANS(A2/2))^2
C2:  =B2/B$2
```

A2 పక్కన ఉన్న /2 మర్చిపోకండి. చార్ట్ మీద ఉండేది 2θ, మనకు కావాల్సింది θ. సగం చేయకుండా లెక్కేస్తే ఇదే శాంపిల్‌కు నిష్పత్తులు 1, 1.87, 2.62, 3.23 అని వస్తాయి. మీ కాగితం మీద ఇలాంటివి కనిపిస్తే శాంపిల్‌ను అనుమానించే ముందు సగం చేశారో లేదో చూసుకోండి. కాలిక్యులేటర్ వాడేవాళ్లు అది డిగ్రీ మోడ్‌లో ఉందో రేడియన్ మోడ్‌లో ఉందో కూడా చూడండి.

పొటాషియం క్లోరైడ్‌కు వచ్చేవి ఇవి:

| 2θ (డిగ్రీలు) | sin²θ | నిష్పత్తి |
|---|---|---|
| 28.35 | 0.0600 | 1.00 |
| 40.51 | 0.1199 | 2.00 |
| 50.17 | 0.1797 | 3.00 |
| 58.64 | 0.2398 | 4.00 |
| 66.38 | 0.2997 | 5.00 |
| 73.73 | 0.3599 | 6.00 |
| 87.67 | 0.4797 | 8.00 |
| 94.55 | 0.5397 | 9.00 |

మీ నిష్పత్తులు ఇంత శుభ్రంగా రాకపోవచ్చు. రాకపోయినా అవి తప్పే తీరును చూడండి. పీక్‌లన్నీ 0.15 డిగ్రీ కుడికి జరిగాయనుకుందాం. రెండోది 1.99, చివరిది 8.93 అవుతాయి. అంటే తప్పు మెల్లగా ఒకే దిశలో పెరుగుతూ పోతుంది. అలా కనిపిస్తే అది శాంపిల్ ఎత్తు దోషం, లేదా మెషిన్ సున్నా దగ్గర తేడా. పక్కన ఉన్న పూర్ణాంకానికి సరిచేసుకుని ముందుకు వెళ్లొచ్చు. మెషిన్‌నే అనుమానిస్తే సిలికాన్ పౌడర్ వేసి చూడండి. దాని పీక్‌లు 28.44, 47.30, 56.12 దగ్గర రావాలి. సిలికాన్‌ను మాత్రం పొటాషియం క్లోరైడ్‌లో కలపకండి, మొదటి పీక్‌లు రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. విడిగా తీయండి.

అలా కాకుండా అన్నీ సరిగ్గా ఉండి ఒక్కటే 1.24 లాగా వస్తే అది ఎత్తు దోషం కాదు. అది వేరే పదార్థం పీక్. దాని సంగతి చివర్లో చెబుతాను.

4. వరుసలతో పోల్చడం

ముందు రెండో నిష్పత్తిని చూడండి. 1.33 వస్తే ఎఫ్‌సీసీ, ఎందుకంటే 4ను 3తో భాగిస్తే అదే. 2.67 వస్తే డైమండ్ రకం. ఈ రెండింటిలోనూ అన్ని నిష్పత్తులనూ 3తో గుణిస్తే N విలువలు వచ్చేస్తాయి.

2.00 వస్తేనే జాగ్రత్త. సింపుల్ క్యూబిక్ 1, 2, 3, 4, 5, 6 అని పోతుంది. బీసీసీ 2, 4, 6, 8, 10, 12 అని పోయినా, మొదటి పీక్‌తో భాగించాక అది కూడా 1, 2, 3, 4, 5, 6 అవుతుంది. ఆరు పీక్‌ల వరకు రెండింటికీ తేడా ఉండదు. తేడా తెలిసేది ఏడో దగ్గరే. బీసీసీకి 14 ఉంది కాబట్టి నిష్పత్తి 7 దగ్గర పీక్ వస్తుంది, సింపుల్ క్యూబిక్‌కు రాదు. కాబట్టి ఆరు పీక్‌లు చూసి సింపుల్ క్యూబిక్ అని రాసినా, బీసీసీ అని రాసినా అది ఊహ మాత్రమే.

మన శాంపిల్‌లో నిష్పత్తి 7 వచ్చి ఉంటే ఆ పీక్ 80.8 డిగ్రీల దగ్గర ఉండాలి. చార్ట్‌లో 73.73 తర్వాత నేరుగా 87.67 ఉంది, మధ్యలో ఏమీ లేదు. అంటే ఇది బీసీసీ కాదు. సింపుల్ క్యూబిక్ లాగానే కనిపిస్తోంది.

ఇక్కడే అందరూ పెన్ను మూసేస్తారు. మీరు ఇంకొక్క అడుగు వేయండి.

5. a విలువ కట్టి, సాంద్రతతో పరీక్షించడం

a విలువను చివరి పీక్ నుంచి తీయండి, పెద్ద కోణం దగ్గర దోషం తక్కువ ఉంటుంది. తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్, N = 9, sin²θ = 0.5397 పెడితే:

```
a = (λ/2) × √(N / sin²θ) = 0.7703 × √(9 / 0.5397) = 3.146 Å
```

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక యూనిట్ సెల్‌లో ఎన్ని KCl జంటలు పడతాయో సాంద్రత నుంచి లెక్కేయండి. సాంద్రత 1.984 గ్రాములు/ఘన సెం.మీ., ఫార్ములా బరువు 74.55.

```
n = ρ × a³ × 0.6022 / M        (a ఆంగ్‌స్ట్రామ్‌లలో)
n = 1.984 × 31.14 × 0.6022 / 74.55 = 0.50
```

సెల్‌కు సగం జంట వచ్చింది. అంటే ఒక సెల్‌లో ఉన్నది ఒకే ఒక్క అయాన్. ఒక సెల్‌లో పొటాషియం, పక్క సెల్‌లో క్లోరిన్ ఉంటే ఆ రెండు సెల్‌లూ ఒకటి కావు, మరి అది నిజమైన యూనిట్ సెల్ ఎలా అవుతుంది? కాబట్టి 3.146 అసలు a కాదు. దాన్ని రెట్టింపు చేసి 6.292 పెట్టి చూడండి. a³ ఎనిమిది రెట్లు అవుతుంది, n = 3.99, అంటే 4. సెల్‌కు నాలుగు జంటలు. ఉప్పు నిర్మాణంలో ఉండేది సరిగ్గా ఇదే.

a రెట్టింపు అయితే N నాలుగు రెట్లవుతుంది. మన 1, 2, 3, 4, 5, 6, 8, 9 ఇప్పుడు 4, 8, 12, 16, 20, 24, 32, 36 అయ్యాయి. పైన ఉన్న ఎఫ్‌సీసీ వరుసను 24 దాటి పొడిగిస్తే ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ వరుసలో ఉండి మనకు రానివి 3, 11, 19, ఇంకా ముందుకు వెళ్తే 27, 35. అంటే h, k, l మూడూ బేసి అయిన పీక్‌లు మాత్రమే లేవు.

ఎందుకు లేవంటే, ఆ బేసి పీక్‌లలో పొటాషియం తరంగం, క్లోరిన్ తరంగం ఒకదాని నుంచి ఒకటి తీసివేతగా వస్తాయి. పొటాషియం అయాన్‌లో 18 ఎలక్ట్రాన్లు, క్లోరైడ్ అయాన్‌లోనూ 18. ఎక్స్-రే చూసేది ఎలక్ట్రాన్లనే కనుక రెండింటినీ ఒకే పరమాణువుగా చూస్తుంది. తీసివేత దాదాపు సున్నా. సోడియం అయాన్‌లో 10 మాత్రమే కాబట్టి ఉప్పులో ఆ పీక్‌లు చిన్నగానైనా మిగులుతాయి. 1913లో విలియం లారెన్స్ బ్రాగ్ ఈ లవణాలను పరిశీలించినప్పుడు కూడా పొటాషియం క్లోరైడ్ సింపుల్ క్యూబిక్ లాగా, పొటాషియం బ్రోమైడ్ ఎఫ్‌సీసీ లాగా కనిపించాయి. ఆ తేడాయే ఆయనకు అసలు నిర్మాణాన్ని పట్టిచ్చింది. మీ రికార్డ్‌లో వచ్చిన "తప్పు" అదే.

ఒక్క మాట గుర్తుంచుకోండి. బేసి పీక్‌లు పోవడం ఎఫ్‌సీసీ లాటిస్ నియమం కాదు. అది రెండు అయాన్ల ఎలక్ట్రాన్లు సమానం కావడం వల్ల జరిగిన పని. వైవాలో ఈ రెండింటినీ కలిపి చెబితే అక్కడే దొరికిపోతారు.

6. వీలైతే దాగిన పీక్ కోసం వెతకడం

రెండు అయాన్లలో ఎలక్ట్రాన్ల సంఖ్య సమానమే అయినా వాటి పరిమాణం సమానం కాదు. అందువల్ల తీసివేత పూర్తిగా సున్నా కాదు. మెషిన్ టైమ్ దొరికితే 23 నుంచి 26 డిగ్రీల వరకు 0.02 డిగ్రీ స్టెప్‌తో, ఒక్కో స్టెప్‌కు 10 సెకన్లు పెట్టి నెమ్మదిగా స్కాన్ చేయండి. (111) పీక్ ఉంటే 24.5 దగ్గర రావాలి. 28.35 పీక్ ఎత్తులో వందో వంతు మాత్రమే ఉన్నా ఆశ్చర్యపోకండి.

ఇక్కడ ఒక మోసం ఉంది. నికెల్ ఫిల్టర్ పలచగా ఉంటే రాగి కె-బీటా కిరణాలు కొన్ని జారిపోయి, 28.35 పీక్‌కు ఒక నీడ పీక్‌ను 25.6 డిగ్రీల దగ్గర వేస్తాయి. దాన్ని చూసి (111) దొరికిందని సంబరపడకండి. 24.5కీ 25.6కీ ఒక డిగ్రీ పైనే తేడా ఉంది, స్కాన్‌లో స్పష్టంగా తెలుస్తుంది. అనుమానం ఉంటే 40.51 పీక్‌కు కూడా అలాంటి నీడ ఎడమ పక్కన, 36 దాటాక కనిపిస్తుందేమో చూడండి. అక్కడా ఉంటే అది కె-బీటానే.

మెషిన్ టైమ్ దొరక్కపోతే 5వ మెట్టులోని సాంద్రత లెక్క ఒక్కటే సరిపోతుంది. నా ఉద్దేశంలో విద్యార్థి రికార్డ్‌కు అదే బలమైన ఆధారం.

ఇతర శాంపిల్స్ తీసుకున్నవాళ్లకు

*ఉప్పు:* మొదటి పీక్ 27.3 దగ్గర చిన్నగా ఉంటుంది, రెండోది 31.7 దగ్గర అన్నిటికన్నా పొడవుగా ఉంటుంది. చిన్నదాన్ని నాయిస్ అనుకుని వదిలేసి రెండోదాంతో భాగిస్తే 1, 2, 2.75, 3, 4 అని వస్తాయి. 2.75 కనిపించిందంటే మొదటి పీక్‌ను మీరు వదిలేసినట్టే, ఎందుకంటే 11ను 4తో భాగిస్తే వచ్చేది అదే. వెనక్కి వెళ్లి వెతకండి.

*ఇనుము:* రాగి ట్యూబ్‌తో ఇనుముకు N = 12 దాటి పీక్ రావడం సాధ్యమే కాదు, sin²θ ఒకటి దాటిపోతుంది. అంటే సరిగ్గా ఆరు పీక్‌లే వస్తాయి, మనకు కావాల్సిన ఏడోది ఎప్పటికీ రాదు. ఎంతసేపు స్కాన్ చేసినా లాభం లేదు. మాలిబ్డినం ట్యూబ్ ఉంటే అది వాడండి, లేకపోతే మళ్లీ సాంద్రతే దిక్కు. సింపుల్ క్యూబిక్ అనుకుంటే a = 2.027, సాంద్రత 7.874తో సెల్‌కు 0.71 పరమాణువు వస్తుంది, అది కుదరదు. బీసీసీ అనుకుంటే a = 2.8665, సెల్‌కు సరిగ్గా 2.00 వస్తుంది.

*ఎరువుల షాపు పొటాష్:* ఇది కూడా పొటాషియం క్లోరైడే కదా అని మా దగ్గర కొందరు తెచ్చేస్తారు. వరంగల్ చుట్టుపక్కల పత్తికి, మిర్చికి వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అది. పోయినసారి ఒక అమ్మాయి వాళ్ల నాన్న పొలానికి తెచ్చిన బస్తాలోంచి ఎర్ర పొటాష్ తీసి నూరి స్కాన్ చేయించింది. లెక్కలో ఒక చోట 1.24 వచ్చి, "సార్, ఇది క్యూబిక్కే కాదు" అంది. ఆ పీక్ 31.7 దగ్గరుంది, అంటే ఉప్పు పీక్. 45.4 దగ్గర దాని జత కూడా ఉంది. పొటాష్‌లో కొంత ఉప్పు కలిసే ఉంటుంది, ఎర్ర రంగు ఇనుము ఆక్సైడ్‌ది. ఆ రెండు పీక్‌లనూ తీసి పక్కన పెడితే మిగిలినవన్నీ 1, 2, 3 అంటూ వరుసలో నిలబడ్డాయి. ఆసక్తి ఉంటే మీరూ చేయండి, కానీ ముందు రీఏజెంట్ శాంపిల్‌తో ఒకసారి చేసి, ఏ పీక్ ఎవరిదో చేతికి తెలిశాకే.

రికార్డ్‌లో ఎలా రాయాలి

"సింపుల్ క్యూబిక్" అనీ రాయకండి, లెక్క చూపకుండా "ఎఫ్‌సీసీ" అనీ రాయకండి. మూడు వరుసలు చాలు. పీక్ స్థానాలు a = 3.146 ఆంగ్‌స్ట్రామ్ ఉన్న సింపుల్ క్యూబిక్ వరుసకు సరిపోయాయి, 7 లేదు కాబట్టి బీసీసీ కాదు. ఆ a తో సెల్‌కు 0.50 KCl వస్తోంది, అది అసాధ్యం. a = 6.292 తీసుకుంటే సెల్‌కు 4 వస్తాయి, అన్ని పీక్‌లూ ఎఫ్‌సీసీ వరుసలో పడతాయి, బేసి పీక్‌లు రెండు అయాన్లలోనూ 18 ఎలక్ట్రాన్లే ఉండటం వల్ల కనిపించలేదు. స్లో స్కాన్ చేసి ఉంటే ఆ గ్రాఫ్‌ను 24.5 దగ్గర బాణం గుర్తు పెట్టి పక్క పేజీలో అంటించండి.